కొటేషన్‌లో లేని అదనపు ఛార్జీల మీద బిల్డర్‌కు లేఖ రాయడం ఎలా?

ఇంటి పని చివరికొచ్చేసరికి బిల్లులో అసలు మొత్తం కింద "ఎక్స్‌ట్రా వర్క్" అని ఇంకో నాలుగైదు వరుసలు చేరడం మామూలే. వాటిని చూసిన కోపంలో "ఇవన్నీ కొటేషన్‌లో లేవు, ఒక్కటీ ఇవ్వను" అని రాసేస్తే ఆ లేఖ పని చేయదు. ఆ వరుసల్లో ఒకటో రెండో మీరు అడిగి చేయించుకున్నవే అయి ఉంటాయి. బిల్డర్ సరిగ్గా వాటినే పట్టుకుని జవాబిస్తారు, అన్యాయంగా వేసినవి ఆ గొడవలో కలిసిపోతాయి. అందుకే మీరు ఇవ్వాల్సింది ఎంతో ముందు మీరే లెక్కగట్టి ఒప్పుకోండి. ఇవ్వనక్కర్లేనిది ఎంతో, ఎందుకో ఆ తర్వాత వరుసవారీగా చూపించండి. అలా రాసిన లేఖను పక్కన పడేయడం కష్టం.

ఇక్కడ చెప్పేది ఇల్లు కట్టించడమో, పాత ఇంటిని బాగు చేయించడమో బిల్డర్‌కు అప్పగించి, రాతపూర్వకంగా కొటేషన్ తీసుకున్నవారి గురించి.

ముందు కొటేషన్ ఏ రకమో తేల్చుకోండి

బిల్లు పక్కన పెట్టి ముందు కొటేషన్ తీయండి. అందులో మొత్తం పనికి ఒకటే ధర చెప్పారా, లేక చదరపు మీటరుకు ఇంత, కరెంటు పాయింటుకు ఇంత అని రేట్లు మాత్రమే ఇచ్చారా? మీ వాదన అంతా దీని మీదే ఆధారపడుతుంది.

మొత్తం పనికి ఒకటే ధర అయితే, అందులో రాసిన పని ఎంత పెరిగినా, సామాన్ల ధరలు మారినా ఆ భారం సాధారణంగా బిల్డర్‌దే. ధరలు పెరిగితే అదనం తీసుకుంటామని షరతు రాసి ఉంటే తప్ప మీ మీద వేయకూడదు. రేట్ల కొటేషన్ అయితే అక్కడ రాసిన పరిమాణాలు అంచనా మాత్రమే. ప్లాస్టరింగ్ 200 చదరపు మీటర్లు అనుకున్నది 220 అయితే ఆ 20కి డబ్బు అడగడం అన్యాయం కాదు. అప్పుడు మీరు రేటు గురించి వాదించకుండా కొలత సరిచూడాలి. టేపు పట్టుకుని గోడలు కొలవండి. తలుపులు, కిటికీల ఖాళీలను ఏ లెక్కన తీసేశారో అడగండి. చిన్న ఖాళీలను తీసేయకపోవడం చాలాచోట్ల ఉన్న పద్ధతే, ఎందుకంటే ఆ ఖాళీ అంచులకు కూడా ప్లాస్టరింగ్ చేస్తారు. పెద్ద కిటికీలను, షట్టర్ అంత వెడల్పున్న ఖాళీలను కూడా తీసేయలేదంటే మాత్రం అడగాల్సిందే.

మూడో రకం కూడా ఉంది. కాగితం పైన "ఎస్టిమేట్" అనో, చివర్లో "వాస్తవ ఖర్చు ప్రకారం" అనో రాసి ఉంటుంది. అలాంటి కాగితం మీద "ఇదే ధర అన్నారు కదా" అని వాదించడం బలహీనమైన వాదన. అక్కడ అడగాల్సింది బిల్లులు, కొలతలు, కూలీల లెక్క.

కొటేషన్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉండే "ఇందులో చేరనివి" అనే భాగాన్ని తప్పకుండా చదవండి. పన్ను, అనుమతుల ఫీజులు, నీరు, కరెంటు, చెత్త తరలింపు సాధారణంగా అక్కడ ఉంటాయి. "చేరనివి" జాబితాలో ఉన్నదాన్ని మీరు లేఖలో ప్రశ్నిస్తే లేఖ మొత్తం విలువ పడిపోతుంది.

ప్రతి వరుసను విడిగా పరీక్షించండి

ఇప్పుడు బిల్లులోని అదనపు వరుసలు ఒక్కొక్కటే తీసుకోండి. ఒక్కో వరుసను మూడు ప్రశ్నలు అడగాలి. ఈ పని వేరే పేరుతో కొటేషన్‌లో ఇప్పటికే ఉందా? లేకపోతే, దీన్ని చేయమని నేను అడిగానా, అడిగినట్టు ఏదైనా ఆధారం ఉందా? అడిగి ఉంటే, రేటు, పరిమాణం సరిగ్గా వేశారా?

మొదటి ప్రశ్న దగ్గరే చాలా డబ్బు బయటపడుతుంది. కొటేషన్‌లో "పరంజాతో సహా పెయింటింగ్" అని ఉంటుంది, బిల్లులో "పరంజా అద్దె" అని విడిగా వస్తుంది. ఒకే పనికి రెండుసార్లు డబ్బు అడగడం ఇది. ఎప్పుడూ మోసమే కానక్కర్లేదు. కొటేషన్ రాసేది ఒకరు, సైట్‌లో ఖర్చులు రాసేది ఇంకొకరు, చివరి బిల్లు వేసేది మరొకరు అయినప్పుడు ఇలా జరుగుతూనే ఉంటుంది. అందుకే లేఖలో "మోసం" అనే మాట వాడకండి. "పొరపాటున రెండుసార్లు చేరింది" అని రాస్తే, బిల్డర్‌కు ఆ వరుసను మర్యాదగా కొట్టేసే దారి ఉంటుంది.

రెండో ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. సైట్‌లో నిలబడి "ఇక్కడో స్విచ్ ఉంటే బాగుంటుంది" అన్నారా? అది అడిగినట్టే. ఆ రోజుల మెసేజ్‌లు, ఫోటోలు, రాసుకున్న నోట్స్ అన్నీ వెతకండి. మీకు అనుకూలంగా ఉన్నవే కాదు, వ్యతిరేకంగా ఉన్నవి కూడా. బిల్డర్ దగ్గర కూడా అవే మెసేజ్‌లు ఉంటాయి.

మూడో ప్రశ్న దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది టైల్స్, బాత్రూం ఫిట్టింగుల్లాంటి వాటిలో. కొటేషన్‌లో వీటికి ఒక మూల ధర రాసి ఉంటుంది. షాపులో మీకు అంతకన్నా ఖరీదైనది నచ్చితే మీరు ఇవ్వాల్సింది తేడా మాత్రమే. మూల ధర అసలు మొత్తంలో ఇప్పటికే ఉంది కాబట్టి. బిల్లులో పూర్తి ధర వేశారేమో చూడండి. మీరు వద్దనుకున్న పని ఏదైనా ఉంటే దాని విలువ తగ్గించారో లేదో కూడా చూడండి. అదనం చేర్చడం మర్చిపోరు గానీ, మానేసిన పనిని తగ్గించడం చాలామంది మర్చిపోతారు.

ఒక లెక్క

ఇప్పుడొక ఉదాహరణ. అంకెలు లెక్క అర్థం కావడానికే, మీ డబ్బులోకి మార్చుకోండి. ఒక పాత ఇంటిని బాగు చేయడానికి మొత్తం పనికి ఒకటే ధరగా 12,00,000 కొటేషన్. చివర్లో అదనం కింద 1,33,600 వేశారు. నాలుగు వరుసలు.

మొదటిది టైల్స్, 74,800. కొటేషన్‌లో చదరపు మీటరుకు 600 మూల ధర అని ఉంది. ఇంటివారు 850 టైల్ ఎంచుకున్నారు. నేల 80 చదరపు మీటర్లు, కోతల్లో పోయేదానికి 10 శాతం కలిపితే 88. బిల్డర్ 88 × 850 వేశారు. ఇవ్వాల్సింది 88 × 250, అంటే 22,000. ఎక్కువగా వేసింది 52,800. కోతల్లో పోయే టైల్స్‌కు కూడా తేడా ఇవ్వాలా అంటే, నా ఉద్దేశంలో ఇవ్వాలి. ఆ ముక్కలూ ఖరీదైన టైల్ ముక్కలే.

రెండోది శిథిలాల తరలింపు, 18,000. కొటేషన్‌లో "పగలగొట్టిన శిథిలాలు తీసేయడంతో సహా" అని స్పష్టంగా ఉంది. ఇది పూర్తిగా పోవాలి.

మూడోది కరెంటు పాయింట్లు, 14 × 1,200 = 16,800. కొటేషన్‌లో 40 పాయింట్లు. ఇంట్లో లెక్కపెడితే మొత్తం 49. అంటే అదనం 9, వాటిని అడిగిన మెసేజ్ కూడా ఉంది. ఇవ్వాల్సింది 10,800. ఎక్కువగా వేసింది 6,000. పాయింట్లు లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఒక బోర్డులో నాలుగు స్విచ్‌లుంటే అవి ఒక పాయింటా, నాలుగా అన్నది కొటేషన్‌లో ఎలా లెక్కపెట్టారో అలాగే ఇక్కడా లెక్కపెట్టాలి. గదుల వారీగా కాగితం మీద రాసి, బిల్డర్ మనిషిని పక్కన పెట్టుకుని లెక్కపెడితే తర్వాత వాదన ఉండదు.

నాలుగోది బాత్రూం వాటర్‌ప్రూఫింగ్, 24,000. ఇది కొటేషన్‌లో లేదు, ఎవరూ అడగలేదు. కానీ పాత టైల్స్ తీశాక కింద తేమ కనిపించడంతో బిల్డర్ తనంతట తాను చేయించారు. పని జరుగుతున్నప్పుడు ఇంటివారు చూశారు, వద్దనలేదు. అన్నిటికన్నా క్లిష్టమైన వరుస ఇదే. "చెప్పకుండా చేశారు, ఇవ్వను" అనడం సులభం. కానీ కళ్లముందు జరుగుతున్న పనిని చూసి మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే అన్న వాదన చాలాచోట్ల నిలబడుతుంది, పైగా ఆ పని ఇంటికి ఉపయోగపడింది. నా సలహా ఏమిటంటే, ముందు అనుమతి తీసుకోలేదని రాతలో పెట్టి, సామాను బిల్లు అడిగి, రాజీగా సగం అంటే 12,000 ఇస్తాననడం.

ఇప్పుడు కలుపుదాం. ఒప్పుకున్నవి 22,000 + 10,800 + 12,000 = 44,800. తీసేయమని అడిగేది 52,800 + 18,000 + 6,000 + 12,000 = 88,800. రెండూ కలిస్తే 1,33,600 రావాలి, వచ్చింది. ఈ సరిచూపు తప్పనిసరి. లేఖలో కూడిక తప్పయితే బిల్డర్ మొదటి జవాబు దాని మీదే ఉంటుంది.

వాపసు అడగాలా, సర్దుబాటు అడగాలా?

మీరు ఇప్పటికే ఎంత ఇచ్చారు, ఇంకా ఎంత ఇవ్వాలి అన్నదాన్ని బట్టి ఇది తేలుతుంది. మన ఉదాహరణలో అదనాల కింద ఇప్పటికే 1,00,000 ఇచ్చేశారనుకుందాం. ఇవ్వాల్సింది 44,800 కాబట్టి 55,200 ఎక్కువ వెళ్లింది. ఇంకా ఇవ్వని 33,600 బిల్లులోంచి పోవాలి. కొటేషన్ ప్రకారం చివరి వాయిదా 60,000 మిగిలే ఉంది. అప్పుడు 55,200ను ఆ వాయిదాలో సర్దుకుని, 4,800 ఇస్తామని అడగడం మంచిది. చేతిలోకి వచ్చిన డబ్బు బిల్డర్ ఈపాటికి కూలీలకూ, షాపులకూ ఇచ్చేసి ఉంటారు. దాన్ని తిరిగి తీసివ్వడం కన్నా రావాల్సినదాంట్లో తగ్గించుకోవడం ఆయనకు తేలిక. ఇవ్వాల్సిన వాయిదా ఏమీ మిగలకపోతే వాపసే అడగాలి, ఏ ఖాతాకు ఎప్పటిలోగా వేయాలో రాయాలి.

సర్దుబాటును ముందు అడగండి, జవాబు రాకముందే వాయిదా ఆపేయకండి. ఒప్పందంలో వాయిదా ఆలస్యమైతే పని ఆపవచ్చనో, వడ్డీ వేయవచ్చనో ఉంటే, తప్పు మీవైపు తిరుగుతుంది. తాళాలు ఇవ్వాలంటే మొత్తం కట్టాల్సిందేనని ఒత్తిడి వస్తే, కట్టే రోజునే "ఈ వరుసల మీద అభ్యంతరం ఉంచుకుని కడుతున్నాను" అని ఒక్క వాక్యం రాతపూర్వకంగా పంపండి. లేకపోతే కట్టడమే ఒప్పుకోవడం అంటారు. లోపాలు బయటపడితే వాడుకోవడానికి పట్టి ఉంచే సొమ్ము వేరే ఉంటే, ఈ లెక్కలోకి దాన్ని లాగకండి. అది మరో అవసరానికి ఉన్నది. అలాగే గోడ పగుళ్లు, పెయింట్ మచ్చల లాంటి నాణ్యత ఫిర్యాదులు ఈ లేఖలో కలపొద్దు. వాటికి ఇంకో లేఖ రాయండి. కలిపితే ఈ డబ్బు లెక్క ఆ మరమ్మతులు పూర్తయ్యేదాకా ఆగిపోతుంది.

లేఖ

ఒక పేజీ దాటకూడదు. ఆధారాలన్నీ జతపరచండి గానీ వాటిని లేఖలో మళ్లీ వివరించకండి. నమూనా ఇదిగో:

తేదీ: ……

బిల్డర్ శ్రీ …… గారికి,

విషయం: …… చిరునామాలోని ఇంటి పని చివరి బిల్లులో అదనపు ఛార్జీల సవరణ, 55,200 సర్దుబాటు గురించి.

అయ్యా,

నమస్కారం. మీ …… తేదీ కొటేషన్ ప్రకారం 12,00,000కు మా ఇంటి పని ఒప్పుకున్నాం. …… తేదీ చివరి బిల్లులో అదనపు పనుల కింద 1,33,600 చేర్చారు. కొటేషన్‌తో సరిచూసుకున్న తర్వాత వరుసల వారీగా మా లెక్క ఇలా ఉంది.

1. టైల్స్, 74,800: కొటేషన్ 4వ అంశంలో మూల ధర 600 మొత్తంలో చేరి ఉంది. మేం ఎంచుకున్న టైల్ 850. తేడా 250 చొప్పున 88 చదరపు మీటర్లకు 22,000 మేం ఇవ్వాలి. మిగిలిన 52,800 రెండోసారి చేరినట్టు ఉంది, తీసేయగలరు.

2. శిథిలాల తరలింపు, 18,000: కొటేషన్ 1వ అంశంలో ఇది "సహా" అని ఉంది. పూర్తిగా తీసేయగలరు.

3. అదనపు కరెంటు పాయింట్లు, 16,800: కొటేషన్‌లో 40, ఇంట్లో ఉన్నవి 49. మేం అడిగిన 9 పాయింట్లకు 10,800 ఇస్తాం. 6,000 తీసేయగలరు. గదుల వారీ లెక్క జతపరిచాం.

4. బాత్రూం వాటర్‌ప్రూఫింగ్, 24,000: ఇది కొటేషన్‌లో లేదు. చేసే ముందు ధర చెప్పి మా అనుమతి తీసుకోలేదు. సామాను బిల్లు, కూలీ వివరాలు పంపగలరు. పని ఉపయోగపడిందని గుర్తించి, విషయం ఇంతటితో ముగియడానికి 12,000 ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. మొత్తం లెక్క మీద ఇద్దరం ఒప్పుకుంటేనే ఈ ప్రతిపాదన వర్తిస్తుంది. మేం ఈ పనికి ముందే ఒప్పుకున్నట్టు దీన్ని భావించకూడదు.

ఈ లెక్కన అదనాల కింద మేం ఇవ్వాల్సింది 44,800. …… తేదీన ఇప్పటికే 1,00,000 ఇచ్చాం. ఎక్కువగా వెళ్లిన 55,200ను చివరి వాయిదా 60,000లో సర్దుబాటు చేసి, మిగిలిన 4,800కు సవరించిన బిల్లు ఇవ్వగలరు. దానితో పాటు ఇంకా చెల్లించని 33,600 రద్దయినట్టు రాసి ఇవ్వగలరు.

మా లెక్కలో ఎక్కడైనా పొరపాటు ఉంటే ఆధారంతో చూపండి, సరిచేసుకుంటాం. …… తేదీలోగా, అంటే ఈ లేఖ అందిన 14 రోజుల్లో, రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాం. కావాలంటే అంతకుముందే ఒకరోజు సైట్‌లో కలిసి కొలతలు చూసుకుందాం.

ఇట్లు,
……

జతపరిచినవి: కొటేషన్, చివరి బిల్లు, 1,00,000 చెల్లించిన రసీదు, టైల్స్ ఎంపిక మెసేజ్, పాయింట్ల లెక్క.

ఈ లేఖలో అన్నిటికన్నా పని చేసే వాక్యం "ఎక్కడైనా పొరపాటు ఉంటే ఆధారంతో చూపండి" అన్నది. దానితో ఆధారం చూపాల్సిన బాధ్యత బిల్డర్ వైపు మళ్లుతుంది. ప్రతి వరుసలో "కొటేషన్ 4వ అంశం" అని చోటు చెప్పడం రెండో బలం. ఊరికే "కొటేషన్‌లో ఉంది" అంటే వెతికే పని ఎదుటివారికి పెట్టినట్టు. కోర్టుకు వెళ్తామని, నలుగురికీ చెబుతామని మొదటి లేఖలో రాయొద్దు. ఆ మాట తర్వాత ఎప్పుడైనా రాయొచ్చు, ఒకసారి రాశాక వెనక్కి తీసుకోలేం.

పంపిన తర్వాత

ఈమెయిల్‌లో పీడీఎఫ్‌గా పంపండి. అందినట్టు సంతకం వచ్చే పద్ధతిలో తపాలా ద్వారా కూడా పంపండి. వాట్సాప్‌లో "లేఖ పంపాను, చూడండి" అని చిన్న మెసేజ్ పెడితే చాలు. వాదనంతా అక్కడికి మార్చకండి. ఫోన్‌లో మాట్లాడితే అదే రోజు సాయంత్రం "ఇవాళ ఇలా అనుకున్నాం" అని రెండు వాక్యాలు రాసి పంపండి.

"మీరు నోటితో చెప్పారు కదా" అని జవాబు వస్తే, ఎప్పుడు, ఏ పని గురించి, ఎంత ధరకు అని అడగండి. పని అడగడం వేరు, ధర ఒప్పుకోవడం వేరు. పని అడిగింది నిజమై ధర మాట్లాడుకోకపోతే, కొటేషన్‌లో అలాంటి పనికే వేసిన రేటు న్యాయమైన కొలమానం. "సిమెంటు, ఇనుము పెరిగాయి" అంటే, ధరల పెరుగుదల షరతు ఎక్కడుందో చూపమనండి. "మొత్తం మీద ఇంత తగ్గిస్తా, వదిలేయండి" అని గుండుగుత్తగా ఒక అంకె చెబితే, అది మీ 88,800కు దగ్గరగా ఉందో లేదో చూసుకోండి. చిన్న తేడా కోసం నెలల తరబడి తిరగడం కన్నా ఒప్పుకోవడం మంచిదని నేనంటాను. కానీ ఏ వరుస ఎంతకు తేలిందో రాయించుకున్నాకే.

గడువు దాటినా జవాబు లేకపోతే అదే లేఖ కాపీతో ఏడు రోజుల గడువిచ్చి, గుర్తుచేస్తూ ఇంకో లేఖ పంపండి. అప్పటికీ మౌనమే అయితే, ఇద్దరితో సంబంధం లేని ఇంజనీరు చేత కొలతలు, రేట్లు చూపించి రిపోర్టు తీసుకోవడం తర్వాతి మెట్టు. ఒప్పందంలో మధ్యవర్తి గురించి షరతు ఉంటే ముందు ఆ దారిలోనే వెళ్లాలి. ఫిర్యాదు చేసుకునే గడువులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి, మాటల్లో కాలం గడిచిపోకముందే స్థానిక న్యాయవాదిని ఒకసారి అడగండి. ఆ రోజు వస్తే ఈ లేఖ, జతపరిచిన కాగితాలే మీ ఫైలు.

ఒప్పుకోలు కుదిరితే 4,800 కట్టే ముందే సవరించిన బిల్లు చేతికి తీసుకోండి. అందులో "అదనపు పనుల లెక్క ఇంతటితో పూర్తి, ఇరువైపులా బాకీ లేదు" అన్న వాక్యం, బిల్డర్ సంతకం, తేదీ ఉండాలి. పనిలో తర్వాత బయటపడే లోపాలకు ఆ వాక్యం వర్తించదని కూడా పక్కనే రాయించుకోండి.